ఒక ఆర్డరు, రెండు బిల్లులు

ఆర్డరు ఇచ్చిన సరుకంతా గోదాములో లేకపోతే ఉన్నంతవరకు ముందు పంపి, మిగిలినది బ్యాక్‌ఆర్డరుగా ఉంచుతారు. జీఎస్‌టీ ప్రకారం సరుకు బయలుదేరే సమయానికి బిల్లు సిద్ధంగా ఉండాలి కాబట్టి, ప్రతి విడతకూ వేరే బిల్లు వస్తుంది.

ఒక దుకాణం 2,000 రూపాయల చొప్పున 10 ఫ్యాన్లు అడిగిందనుకుందాం. మొత్తం మీద తగ్గింపు 1,000 పోగా, పన్ను కాకుండా 19,000 అవుతుంది. మొదట 6 ఫ్యాన్లే వచ్చాయి. తగ్గింపును ఫ్యాన్ల లెక్కన పంచితే ఈ బిల్లు 11,400, మిగతా 4 ఫ్యాన్ల బిల్లు 7,600. రెండూ కలిస్తే లెక్క సరిపోతుంది. తగ్గింపంతా మొదటి బిల్లులోనే వేసి, ఆ నాలుగూ తర్వాత రద్దయితే అమ్మినవారికి 400 నష్టం.

రెండు బిల్లుల మొత్తం ఆర్డరును మించితే, రవాణా ఖర్చు రెండుసార్లు పడిందేమో ముందుగా చూసుకోవాలి.