డ్యూటీ వేళలు మారే అమ్మకు జిమ్మా, ఇల్లా?

హైదరాబాద్‌లో ఒక స్టాఫ్ నర్సును తీసుకుందాం. ఒక వారం పొద్దున డ్యూటీ, మరో వారం మధ్యాహ్నం, ఆపైన నైట్. ఇంట్లో ఐదేళ్ల పిల్లాడు. జిమ్ ఫీజు ఏడాదికి 18,000 రూపాయలనుకుందాం. నెలకు 12 సార్లు వెళ్తే ఒక్కోసారికి 125 రూపాయలు పడుతుంది. నాలుగుసార్లే కుదిరితే అదే 375 అవుతుంది. అంతకన్నా బరువైన లెక్క సమయానిది. 40 నిమిషాల కసరత్తుకు రానూపోనూ కలిపి గంటన్నర కావాలి, అంతసేపూ పిల్లాణ్ని ఎవరో ఒకరు చూసుకోవాలి. అందుకే ఆమెకు ఇల్లే మేలంటాను.

అయితే ఇంట్లో కసరత్తు దెబ్బతినేది ఒకచోట. అవే 20 బస్కీలు నెలల తరబడి తీస్తుంటారు. కండరం బలపడాలంటే పని రానురాను కష్టమవ్వాలి. జిమ్‌లో బరువు పెంచుతారు, ఇంట్లో ఒంటి వాలు మార్చాలి. దండీలు మొదట గోడకు చేతులు ఆనించి తీయాలి. 12 తేలిగ్గా వస్తే కదలని బల్ల అంచు మీద, తర్వాత నేల మీద, ఆపైన పాదాలు పీట మీద పెట్టి. బస్కీలకూ అంతే: కుర్చీలో కూర్చుని లేవడం, కుర్చీ లేకుండా దిగడం, చివరకు వెనక కాలు కుర్చీ మీద పెట్టి ఒంటికాలి మీద దిగడం. ఆఖరి రెండుమూడు సార్లు మనం ఎంత ప్రయత్నించినా వేగం తగ్గాలి. మొదటిదీ చివరిదీ ఒకేలా వస్తుంటే మెట్టు మార్చాల్సిందే. దండీ తీస్తుంటే నడుము కిందికి జారుతోందా? తొందరపడ్డారన్నమాట, ఒక మెట్టు దిగండి.

ఇంట్లో నిజంగా లోటయ్యేది లాగే పని. దండీలు, బస్కీలతో వీపుకు తగినంత పని పడదు. రోగుల్ని పక్కకు తిప్పే నర్సుకు ఆ బలమే ముఖ్యం. గట్టి బ్యాగులో ఐదు కిలోల బియ్యం పెట్టి, ఒక చెయ్యి మంచానికి ఆనించి, వీపు నిటారుగా ఉంచి వంగి, రెండో చేత్తో బ్యాగును నడుము దాకా లాగాలి. తేలికైతే బియ్యం పెంచాలి.

వేళ గడియారంతో కాకుండా డ్యూటీతో ముడిపెట్టుకోవడం మంచిది: ఏ షిఫ్టయినా బయల్దేరే ముందు, స్నానానికి ముందు. నైట్ దిగి రాగానే మాత్రం వద్దు, ముందు నిద్ర. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాలు కండరాల కసరత్తు వారానికి కనీసం రెండు రోజులు ఉండాలంటాయి. నడక లాంటి శ్రమ ఒక్క విడతలో పది నిమిషాలైనా సాగాలన్న పాత షరతును తీసేశాయి. కాబట్టి బస్టాపు దాకా చకచకా నడిచిన ఐదు నిమిషాలూ లెక్కలోకే వస్తాయి.

ఒంటికాలి బస్కీలు, నిండు బ్యాగు కూడా తేలికైపోయాక జిమ్ అవసరం నిజంగా మొదలవుతుంది. అప్పుడు కూడా ఆసుపత్రికి వెళ్లే దారిలో ఉన్నదాన్నే చూసుకుని, నైట్ వారం కూడా కలిసేలా ఒక్క నెలకే ఫీజు కట్టాలి. ఆ నెలలో ఎన్నిసార్లు వెళ్లగలిగారో చూశాకే ఏడాది మాట.