కంపెనీ "నిఫ్టీలో ఉంది" అంటే ఏమిటి? ఉందో లేదో మనమే ఎలా చూసుకోవాలి?

ఈ ఎపిసోడ్‌లో ఒక్క మాట గురించే మాట్లాడుకుందాం. "ఆ కంపెనీ ఇండెక్స్‌లో ఉందండీ, ఇక భయం లేదు" అనే మాట.

మేడ్చల్, శామీర్‌పేట చుట్టుపక్కల ఈ మాట ఎక్కువగా వినిపిస్తుంది. ఎందుకంటే ఇక్కడ కంపెనీలు మన కళ్ల ముందే ఉంటాయి. తుర్కపల్లి జీనోమ్ వ్యాలీ వైపు వెళ్తే రోడ్డుకి రెండు వైపులా బోర్డులు కనిపిస్తాయి. ఇంట్లో ఎవరో ఒకరు వాటిలో పనిచేస్తుంటారు. మొన్న మేడ్చల్‌లో ఒక మందుల యూనిట్‌లో షిఫ్ట్ ఇన్‌ఛార్జిగా చేస్తున్న ఒకాయన నాకు ఫోన్‌లో ఒక మెసేజ్ చూపించారు. "మన ఏరియా కంపెనీ, నిఫ్టీలో చేరింది, ఇక పడదు" అని ఉంది. "అన్నా, కూతురి పెళ్లికి దాచిన డబ్బుంది, పెట్టమంటావా?" అని అడిగారు. నేను పెట్టమనీ చెప్పలేదు, వద్దనీ చెప్పలేదు. ముందు ఆ మెసేజ్‌లో ఉన్న మాటకి అర్థం ఏమిటో చూద్దాం అన్నాను. ఆయనకి చెప్పిందే ఇప్పుడు మీకూ చెప్తాను.

ముందు ఇండెక్స్ అంటే ఏమిటో చూద్దాం. అది ఒక జాబితా, అంతే. నిఫ్టీ 50లో 50 కంపెనీలు, సెన్సెక్స్‌లో 30 కంపెనీలు. ఆ కంపెనీల షేర్ల ధరల్ని ఒక లెక్క ప్రకారం కలిపి ఒక అంకె తీస్తారు. సాయంత్రం టీవీలో వచ్చేది ఆ అంకే.

ఆ జాబితాలోకి కంపెనీని ఎలా తీసుకుంటారు? ఇక్కడే చాలామంది పొరపడతారు. మంచి కంపెనీ, నిజాయితీ గల కంపెనీ అని చూసి తీసుకోరు. ముఖ్యంగా రెండు విషయాలు చూస్తారు. మార్కెట్‌లో అమ్మకానికి అందుబాటులో ఉన్న షేర్ల విలువ ఎంత అనేది మొదటిది. పెద్ద మొత్తంలో కొన్నా అమ్మినా ధర కదిలిపోకుండా ఉంటుందా అనేది రెండోది.

మొదటిదాన్ని ఫ్రీ ఫ్లోట్ అంటారు. ఒక ఉదాహరణ తీసుకుందాం. రెండు కంపెనీలున్నాయి, రెండింటి మొత్తం విలువా రూ. 20,000 కోట్లే అనుకోండి. మొదటిదాంట్లో 75 శాతం షేర్లు ప్రమోటర్ల దగ్గరే ఉన్నాయి. అవి మార్కెట్‌లోకి రావు కాబట్టి లెక్కలోకీ రావు. మిగిలింది రూ. 5,000 కోట్లు. రెండోదాంట్లో ప్రమోటర్ల వాటా 25 శాతమే. అప్పుడు లెక్కకి వచ్చేది రూ. 15,000 కోట్లు. బయటికి రెండూ ఒకే సైజు కంపెనీలు. ఇండెక్స్ కంటికి మాత్రం రెండోది మూడు రెట్లు పెద్దది. మన దుండిగల్ దగ్గరున్న గ్లాండ్ ఫార్మానే చూడండి. సగానికి పైగా వాటా చైనాకు చెందిన ఫోసున్ గ్రూపు చేతిలో ఉంది. కంపెనీ మొత్తం విలువ ఎంతైనా, ఇండెక్స్ లెక్కలో ఆ వాటాని పక్కన పెట్టేస్తారు.

మరి జాబితాలో చేరితే కంపెనీకి ఏమొస్తుంది? ఇండెక్స్ ఫండ్లు, ఈటీఎఫ్‌లు అని ఉంటాయి కదా. వాటి పని ఆ జాబితాని ఉన్నది ఉన్నట్టు కొనడమే. కంపెనీ చేరితే కొనాలి, పోతే అమ్మాలి. వాళ్లకి వేరే దారి లేదు. ఊహకి ఒక లెక్క వేసుకుందాం. ఒక ఇండెక్స్‌ని అనుసరించే ఫండ్లలో మొత్తం రూ. 1 లక్ష కోట్లు ఉన్నాయనుకోండి. కొత్తగా చేరిన కంపెనీకి అందులో అర శాతం వాటా ఇచ్చారు. అంటే దాదాపు రూ. 500 కోట్ల షేర్లు ఈ ఫండ్లు కొనాల్సిందే.

అయితే ఆ రూ. 500 కోట్లు కంపెనీ ఖాతాలోకి వెళ్లవు. ఆ షేర్లు ఇదివరకే ఎవరి దగ్గరో ఉన్నాయి, డబ్బు అమ్మినవాళ్లకి వెళ్తుంది. కంపెనీకి వచ్చేది పరోక్ష లాభం. షేరుకి కొనేవాళ్లు పెరుగుతారు, రేపు కొత్త షేర్లు అమ్మి పెట్టుబడి తేవాలంటే సులువవుతుంది, పెద్ద సంస్థలు ఆ కంపెనీ గురించి పట్టించుకుంటాయి. ఫ్యాక్టరీలో ఒక్క మాత్ర కూడా దీనివల్ల ఎక్కువ తయారుకాదు.

ఇంకో సంగతి. నిఫ్టీ 50ని ఏడాదికి రెండుసార్లు సమీక్షిస్తారు. జనవరి చివరి వరకు ఒకసారి, జూలై చివరి వరకు ఇంకోసారి లెక్కలు తీస్తారు. మార్పుల్ని సుమారు నాలుగు వారాల ముందే ప్రకటించి, మార్చి, సెప్టెంబర్ నెలల చివర్లో అమలు చేస్తారు. ప్రకటన రాగానే తెలిసినవాళ్లు ముందే కొని పెట్టుకుంటారు, ఫండ్లు వచ్చినప్పుడు వాళ్లకి అమ్మేస్తారు. మీ ఫోన్‌కి "చేరింది" అనే మెసేజ్ వచ్చేసరికి ఆ తప్పనిసరి కొనుగోలు చాలావరకు అయిపోయి ఉంటుంది.

ఇప్పుడు "ఇక పడదు" అనే మాట దగ్గరికి వద్దాం. దీనికి జవాబు మన జిల్లాలోనే ఉంది. బహదూర్‌పల్లిలో సత్యం కంప్యూటర్స్ క్యాంపస్ ఉండేది, గుర్తుందా? సత్యం అటు సెన్సెక్స్‌లోనూ ఉంది, ఇటు నిఫ్టీలోనూ ఉంది. 2009 జనవరి 7న ఛైర్మన్ రామలింగరాజు ఒక లేఖ రాశారు. లెక్కల్లో చూపించిన నగదు, బ్యాంకు నిల్వల్లో రూ. 5,040 కోట్లు అసలు లేనే లేవని ఒప్పుకున్నారు. ముందు రోజు రూ. 179 దగ్గర ముగిసిన షేరు ఆ సాయంత్రానికి రూ. 40 దగ్గరికి పడిపోయింది. ఒక్కరోజులో దాదాపు 78 శాతం.

ఇక్కడ రెండు విషయాలు చూడాలి. ఒకటి, అప్పటికి సత్యంలో ప్రమోటర్ల వాటా 10 శాతం కూడా లేదు. ఇందాక చెప్పిన ఫ్రీ ఫ్లోట్ లెక్క ప్రకారం దాదాపు కంపెనీ మొత్తం ఇండెక్స్ లెక్కలోకి వచ్చేస్తుంది. యజమానుల సొంత డబ్బు తక్కువగా ఉండటం మనకి అనుమానం కలిగించాల్సిన విషయం. ఇండెక్స్‌కి మాత్రం అది అడ్డు కాదు. రెండు, ఇండెక్స్ నిర్వహించేవాళ్లు కంపెనీ ఖాతాల్ని తనిఖీ చేయరు. షేరు ధర ఎంత, షేర్లు ఎన్ని, ఎంత సులువుగా చేతులు మారుతున్నాయి, ఇవే చూస్తారు. ఆ ధర దొంగ లెక్కల మీద నిలబడినా వాళ్లకి తెలిసే దారి లేదు.

తర్వాత ఏమైంది? కొద్ది రోజుల్లోనే సత్యాన్ని రెండు జాబితాల నుంచీ తీసేశారు. సెన్సెక్స్‌లో ఆ స్థానం సన్ ఫార్మాకి, నిఫ్టీలో రిలయన్స్ క్యాపిటల్‌కి వెళ్లింది. గమనించండి, తీసేసింది పడిపోయాక, పడకముందు కాదు. ఇండెక్స్ ఫండ్లు కూడా ఆ పడిన ధరకే అమ్ముకున్నాయి.

మరి ఇండెక్స్ వల్ల రక్షణ ఏమీ లేదా? ఉంది. అది జాబితా మొత్తం కొన్నవాళ్లకి ఉంటుంది, అందులో ఒక్క కంపెనీ కొన్నవాళ్లకి కాదు. ఇండెక్స్‌లో ఒక శాతం వాటా ఉన్న కంపెనీ 78 శాతం పడిందనుకోండి. ఇండెక్స్ ఫండ్‌లో లక్ష రూపాయలు పెట్టినవాళ్లకి ఆ కంపెనీ వల్ల పోయేది రూ. 780. అదే లక్షని ఆ ఒక్క కంపెనీలోనే పెట్టినవాళ్లకి పోయేది రూ. 78,000. మెసేజ్ పంపేవాళ్లు మొదటి రక్షణని చూపించి రెండోదాన్ని కొనిపిస్తారు.

ఇంకో మాట, మీరు షేర్లు ఎప్పుడూ కొనకపోయినా మీకూ ఇండెక్స్‌కీ సంబంధం ఉండొచ్చు. జీతంలో పీఎఫ్ కట్ అవుతుంది కదా. ఈపీఎఫ్‌ఓ 2015 ఆగస్టు నుంచి కొత్తగా వచ్చే డబ్బులో కొంత భాగాన్ని ఈటీఎఫ్‌లలో పెడుతోంది. అందులో నిఫ్టీ 50ని, సెన్సెక్స్‌ని అనుసరించేవి ఉన్నాయి.

సరే, ఇప్పుడు తనిఖీ ఎలాగో చూద్దాం. ఐదు నిమిషాల పని.

మొదటి ప్రశ్న, అసలు ఆ కంపెనీ లిస్ట్ అయిందా? జీనోమ్ వ్యాలీలో అందరికీ తెలిసిన పేరు భారత్ బయోటెక్. దాని షేర్లు స్టాక్ ఎక్స్ఛేంజీలో లేవు. లిస్ట్ కాని కంపెనీ నిఫ్టీలో ఉండే ప్రశ్నే రాదు. ఎవరైనా అలా చెప్తే అక్కడితో మాట ఆపేయండి.

రెండోది, కంపెనీ సింబల్ కనుక్కోండి. పేర్లు ఒకేలా ఉండి మోసపోయే అవకాశం ఉంది, సింబల్ మాత్రం ఒక్క కంపెనీకే ఉంటుంది. nseindia.com లో కంపెనీ పేరు కొడితే వస్తుంది. తుర్కపల్లిలో పరిశోధన కేంద్రం ఉన్న లారస్ ల్యాబ్స్‌కి LAURUSLABS, గ్లాండ్ ఫార్మాకి GLAND.

మూడోది, niftyindices.com కి వెళ్లి మీకు చెప్పిన ఇండెక్స్ పేజీ తెరవండి. అక్కడ Index Constituent అని ఉంటుంది, అది నొక్కితే జాబితా ఫైలు దిగుతుంది. నిఫ్టీ 50 అయితే ind_nifty50list.csv, నిఫ్టీ 500 అయితే ind_nifty500list.csv. ఎక్సెల్‌లో తెరిస్తే పై వరస ఇలా ఉంటుంది:

```
Company Name,Industry,Symbol,Series,ISIN Code
```

Ctrl+F నొక్కి సింబల్ వెతకండి. ఉంటే ఉంది, లేకపోతే లేదు. సెన్సెక్స్ జాబితా bseindia.com లో దొరుకుతుంది. పాత ఫైలు వాడకండి, చూసే రోజే దింపుకోండి. ఏడాదికి రెండుసార్లు మారుతుందని చెప్పుకున్నాం కదా.

నాలుగోది అన్నింటికంటే ముఖ్యం. ఏ నిఫ్టీ? నిఫ్టీ అనే పేరుతో మొదలయ్యే ఇండెక్సులు చాలా ఉన్నాయి. నిఫ్టీ 50 వేరు, నిఫ్టీ 500 వేరు, నిఫ్టీ మైక్రోక్యాప్ 250 వేరు. చివరిదాంట్లో ఉన్నవి నిఫ్టీ 500లోకి రాని చిన్న కంపెనీలు. "నిఫ్టీలో చేరింది" అని మెసేజ్‌లో వస్తుంది, విన్నవాళ్లు నిఫ్టీ 50 అనుకుంటారు. మేడ్చల్ ఆయన దగ్గరున్న మెసేజ్‌లోనూ ఏ నిఫ్టీయో రాయలేదు. నిఫ్టీ 50 ఫైలు దింపి చూస్తే ఆ సింబల్ అందులో లేదు.

ఒకవేళ ఉన్నా, దానితో తెలిసేది ఒక్కటే. ఇవాళ ఆ కంపెనీ పెద్దది, షేరు సులువుగా అమ్ముడవుతుంది. రేపటి సంగతి దాంతో తెలియదు. సత్యం కథకి చివర్లో ఇంకో మలుపు ఉంది. 2013లో ఆ కంపెనీ టెక్ మహీంద్రాలో కలిసిపోయింది. 2014 మార్చిలో టెక్ మహీంద్రా నిఫ్టీ 50లోకి వచ్చింది. అదే వ్యాపారం వేరే యాజమాన్యం కింద మళ్లీ జాబితాకెక్కింది. 2009లో రూ. 179కి కొని, పడిన ధరకి అమ్ముకున్నవాళ్ల నష్టాన్ని మాత్రం ఏ జాబితా పూడ్చలేదు.

వచ్చే ఎపిసోడ్‌లో ప్రమోటర్లు తమ షేర్లని తాకట్టు పెట్టారో లేదో ఎక్కడ చూడాలో చెప్తాను.