రేకు మీంచి ముహూర్తం చదివిన మామ్మ

ఆత్రేయపురంలో పూతరేకుల దుకాణం నడిపే ఒకాయన టీవీలో ప్రకటన వేయించాలనుకున్నాడనుకుందాం. స్క్రిప్టు రాసే మనిషి ఎదురుగా కూర్చోగానే ఆయన చెప్పే మాటలు దాదాపు ఇలా ఉంటాయి: "మూడు తరాల నుంచీ ఇదే పనండీ. అసలైన నెయ్యి తప్ప వాడం. పంచదారవి, బెల్లంవి, డ్రైఫ్రూట్సువి, అన్నీ ఉన్నాయి. హైదరాబాద్‌లో బ్రాంచి తెరిచాం, అమెరికాకి కూడా పంపుతాం. ఇవన్నీ వచ్చేయాలండీ."

అన్నీ నిజాలే కావచ్చు. కానీ 60 సెకన్లలో అన్నీ చెబితే చూసినవాళ్లకి ఒక్కటీ గుర్తుండదు.

అమెరికా ప్రకటనల రంగంలో రోసర్ రీవ్స్ ఈ సంగతి మీదే పట్టుబట్టి కూర్చున్నాడు. 1961లో వచ్చిన 'రియాలిటీ ఇన్ అడ్వర్టైజింగ్' అనే పుస్తకంలో ఆయన వాదన సూటిగా ఉంటుంది. ప్రకటన కొనేవాడికి ఒక ఫలానా లాభం చెప్పాలి. అది పోటీవాళ్లు చెప్పలేనిదో, ఇంకా చెప్పనిదో కావాలి. కొత్తవాళ్లని దుకాణం దాకా నడిపించేంత బలం దానికుండాలి. ఆయన మిఠాయికే రాసిన ప్రకటన ఒకటుంది. ఎం అండ్ ఎమ్స్ చాక్లెట్ గోళీలకి పైన పంచదార పెంకు ఉంటుంది. 1950లలో ఆ టీవీ ప్రకటనలో రెండు చేతులు చూపించారు. ఒకటి చాక్లెట్ అంటుకుని మరకలు మరకలుగా ఉంది, రెండోది శుభ్రంగా ఉంది. మామూలు చాక్లెట్ చేతిలోనే కరుగుతుంది, ఇది నోట్లో కరుగుతుంది. రుచి గురించి, కంపెనీ వయసు గురించి చెప్పి ఆ చేతుల మీంచి చూపు మళ్లించలేదు.

మరి పూతరేకుల ఆయన జాబితాలోంచి ఏం తీసుకోవాలి? నెయ్యి మాట ప్రతి దుకాణం బోర్డు మీదా ఉంది. మూడు తరాల మాట యజమానికి గర్వమే, తినేవాడికి దాంతో పెద్దగా పని లేదు. ఆత్రేయపురం పేరు గొప్పదే, 2023లో అక్కడి పూతరేకులకి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అయితే ఆ గుర్తింపు ఆ ఊళ్లో చేసేవాళ్లందరిదీ. ఒక్క దుకాణాన్ని అది వేరుగా నిలబెట్టదు.

అందుకని స్క్రిప్టు రాసేవాడు కాగితం పక్కన పెట్టి తయారీ దగ్గరికి వెళ్లాలి. బోర్లించిన కుండ, కింద మంట, పక్కన పల్చటి బియ్యప్పిండి జావ. అందులో గుడ్డ ముంచి వేడి కుండ మీద ఒక్కసారి లాగితే పొర పట్టి, క్షణాల్లో ఆరి, అంచు లేస్తుంది. దాన్ని చిరగకుండా ఎత్తి వెలుతురుకి పట్టుకున్నప్పుడు అవతలి మనిషి మొహం మసగ్గా కనిపిస్తుంది. అమ్మకపు మాట అక్కడుంది: రేకు ఎంత పల్చనంటే దాని కింద అక్షరం చదవొచ్చు. పల్చన గనకే నాలుక మీద పెట్టగానే కరిగిపోతుంది. కరగడం తినేవాడికి లాభం. అది కెమెరాకి దొరకదు, పల్చదనం దొరుకుతుంది.

ఊళ్లో మిగతావాళ్ల రేకూ పల్చనే కదా అని యజమాని అడగొచ్చు. దానికి క్లాడ్ హాప్కిన్స్ ఎప్పుడో దారి చూపించాడు. ష్లిట్జ్ అనే బీరు కంపెనీకి రాస్తూ, సీసాల్ని ఆవిరితో కడుగుతామని ప్రకటించాడు. ఆ పని అన్ని కంపెనీలూ చేసేవే, కానీ ఎవరూ చెప్పలేదు. ముందుగా చెప్పినవాళ్లకే ఆ పేరు దక్కింది. ఒక్క షరతు మాత్రం గట్టిగా పెట్టుకోవాలి. దుకాణంలో రోజూ అమ్మే పెట్టెలోంచి తీసిన రేకు మీద ఈ పరీక్ష నెగ్గాలి. నెగ్గకపోతే ఈ ఆలోచన వదిలేసి ఇంకోటి వెతుక్కోవాల్సిందే.

ఇప్పుడు కథ. పెళ్లివారిల్లు. బల్ల మీద శుభలేఖలు, నమూనాకి తెచ్చిన మూడు పూతరేకుల పెట్టెలు. కొడుకు హడావుడి పడుతుంటాడు: "అమ్మా, ఏదో ఒకటి చెప్పెయ్, ఆర్డరిచ్చేద్దాం." మామ్మ "ఆగరా" అని మొదటి పెట్టెలోంచి పై పొర ఒలిచి శుభలేఖ మీద పరుస్తుంది. తెల్లగా మూసుకుపోయింది. పెట్టె పక్కకి జరుపుతుంది. "తినకుండా శుభలేఖ మీద పెడతావేంటి మామ్మా?" అని మనవరాలు అడిగినా జవాబు లేదు. రెండోదీ అంతే. ఇక్కడికి 25 సెకన్లు.

మూడోది పరుస్తుంది. కెమెరా దగ్గరికొస్తుంది. రేకు కింద అక్షరాలు. మామ్మ వేలు పెట్టి, కూడబలుక్కుంటూ చదువుతుంది: "శుక్రవారం రాత్రి... తొమ్మిది పన్నెండుకి..." తలెత్తి, "వీళ్లకి చెప్పండ్రా." ఆ రేకు నోట్లో వేసుకుంటుంది. దవడ కదలదు, కళ్లు మూసుకుంటుంది. అక్కడ నాలుగు సెకన్లు మాట, సంగీతం రెండూ ఆగిపోవాలి. ఆ తర్వాత కుండ మీంచి లేస్తున్న పొర, దాని వెనక చేసే ఆవిడ మొహం. చివరి పది సెకన్లు పెట్టెకి, పేరుకి, ఒక్క వాక్యానికి: "అక్షరం కనిపిస్తేనే మా పూతరేకు."

స్క్రిప్టు కాగితాన్ని నిలువుగా రెండు భాగాలు చేసి ఎడమ పక్క కనిపించేది, కుడి పక్క వినిపించేది రాస్తారు. కుడి పక్క నిండిపోతుంటే అనుమానించాలి. రేకు కింద అక్షరం కనిపిస్తుంటే "ఎంత పల్చనో చూడండి" అని వ్యాఖ్యానం చెప్పించడం దండగ. రాసింది సెల్‌ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకుని, నటుడు ఆగే చోట్ల ఆగుతూ, పైకి చదవాలి. మనసులో చదివితే ఎప్పుడూ తక్కువ సమయమే పడుతుంది. సెట్‌కి వెళ్లాక ఎనిమిది పది సెకన్లు ఎక్కువ తేలితే, ముందుగా కత్తెర పడేది మామ్మ మౌనానికే.

కాగితం మీదే తేల్చుకోవాల్సినవి ఇంకా ఉన్నాయి. పక్కకి జరిపే పెట్టెల మీద ఎవరి పేరూ, ఎవరి రంగూ పోలకూడదు. పోటీవాళ్లని కించపరిస్తే 1985 నుంచి పనిచేస్తున్న అడ్వర్టైజింగ్ స్టాండర్డ్స్ కౌన్సిల్ నియమావళి ఒప్పుకోదు. చూపించే గుణం నిరూపించగలిగేదై ఉండాలి గనక రేకు స్థానంలో ప్లాస్టిక్ పొర పెట్టి తీయడం కుదరదు. యజమాని ముచ్చటపడే "హోమ్‌మేడ్" అనే మాటతో కూడా జాగ్రత్త. తినేవాళ్లకి పొరపాటు అభిప్రాయం కలిగించేలా దాన్ని వాడకూడదని ఆహార భద్రతా సంస్థ 2018లో తెచ్చిన ప్రకటనల నిబంధనలు చెబుతున్నాయి. నెయ్యి రేకు పరిచిన శుభలేఖ మరకైపోతుంది, రెండో టేక్‌కి పనికిరాదు. అందుకని స్క్రిప్టు అడుగునే "శుభలేఖలు ఒక కట్ట" అని రాసిపెట్టాలి.

ఇక డబ్బు. మన ఛానళ్లు ప్రకటన సమయాన్ని సాధారణంగా పది సెకన్ల రేటుతో అమ్ముతాయి. 60 సెకన్లంటే ఒక్కో ప్రసారానికి ఆరు రేట్లు. చిన్న దుకాణం ఆ పూర్తి నిడివిని నాలుగు రోజులు, ఏ పండగ ముందో నడిపి, తర్వాత 20 సెకన్ల ముక్కతో సరిపెట్టుకోవాల్సి వస్తుంది. కాబట్టి షూటింగ్‌కి ముందే ఆ ముక్క రాసి చూడాలి. ఈ కథలో కొడుకు పోతాడు, మనవరాలి ప్రశ్న పోతుంది, మొదటి రెండు పెట్టెలూ పోతాయి. శుభలేఖ, రేకు, మామ్మ వేలు, చివరి వాక్యం మిగులుతాయి. చెప్పదలచుకున్నది అప్పటికీ చెక్కుచెదరదు. అలా మిగలని స్క్రిప్టుకి యజమాని అడ్వాన్సు ఇవ్వకపోవడమే మంచిది.