ఆటాడి వచ్చిన పిల్లోడికి గుదికాలెందుకు నొస్తాది?

పాకాల చుట్టుపక్కల పల్లెల్లో సందేళ ఏ బడి మైదానం కాడికి పోయినా ఇట్లాంటి పిల్లోడు ఒకడు అగుపడతాడు. ఖోఖో ఆడేటప్పుడు బాగానే ఉరుకుతాడు. ఆట అయినాక మాత్రం గుదికాలు నేలకు ఆనించకుండా మునికాళ్ల మీద కుంటుకుంటా ఇంటికి పోతాడు. ఇంట్లో చెప్తే తలా ఒక మాట అంటారు. "పెరిగే వయసు, నొప్పులుంటాయిలే" అంటాది అవ్వ. "పొద్దున బడికి ఎగ్గొట్టేదానికి ఎత్తు" అంటాడు నాయన. "పుత్తూరుకు తీసకపోయి కట్టు కట్టిస్తే పోతాది" అంటాడు పక్కింటాయన.

వీళ్లలో అవ్వ మాటే నిజానికి దగ్గర. అయితే అది సగం నిజమే. పెరగడం ఒక్కటే కారణమైతే ఆటలాడని పిల్లోళ్లకు కూడా ఇంతే నొప్పి రావాల. ఎక్కువగా వచ్చేది 8 నుంచి 14 ఏళ్ల లోపు, బాగా ఉరికి ఎగిరే పిల్లోళ్లకే.

గుదికాలి ఎముక పెద్దోళ్లలో ఒకటే గట్టి ముక్క. పిల్లోళ్లలో అట్ల కాదు. ఎముకకు వెనకపక్క, చిప్ప మాదిరి ఇంకో చిన్న ముక్క వేరేగా తయారవుతాది. మొగపిల్లోళ్లలో అది 7, 8 ఏళ్లప్పుడు గట్టిపడడం మొదలుపెడతాది, ఆడపిల్లల్లో ఇంకా ముందే. ఈ చిప్పకూ అసలు ఎముకకూ నడుమ మెత్తటి మృదులాస్థి పొర ఉంటాది. దాన్నే డాక్టర్లు గ్రోత్ ప్లేట్ అంటారు. రెండు ఇటుకల నడుమ ఇంకా ఆరని సిమెంటు అనుకోండి. 15 ఏళ్లు వచ్చేసరికి ఆ సిమెంటు ఆరిపోయి రెండు ముక్కలూ ఒకటైపోతాయి. నొప్పంతా ఆరకముందటి కతే.

ఆ చిన్న చిప్పను రెండు పక్కల నుంచి లాగేవి ఉండాయి. పైనుంచి పిక్క కండ తాలూకు లావు తాడు వచ్చి దానికే అతుక్కుంటాది. మనోళ్లు దాన్ని పిక్క నరం అంటారు గాని అది నరం కాదు, కండ కొస. కిందనుంచి అరికాలి పట్టీ ముందుకు లాగతాది. పిల్లోడు ఎగిరి దూకిన ప్రతిసారీ ఈ రెండు లాగుడులూ, నేల దెబ్బా కలిసి ఆ ఆరని పొర మీదే పడతాయి. దానికి తోడు పిల్లోడు ఒక్కసారిగా పొడుగు సాగే ఏడాది ఒకటి వస్తాది. కాలి ఎముక బిరబిరా పెరుగుతాది, పిక్క కండ అంత బిరీన సాగలేదు. దూడ పెరిగినా మెడలో పలుపు మార్చకపోతే ఎట్ల బిగుసుకుంటాదో, అట్ల ఆ తాడు బిగుసుకుని చిప్పను ఇంకా గట్టిగా లాగతాది.

బోస్టన్ డాక్టరు జేమ్స్ వారెన్ సీవర్ 1912లో దీన్ని వివరంగా రాసినాడు. అందుకే ఇప్పటికీ సీవర్స్ డిసీజ్ అంటారు. పేరులో జబ్బు ఉండాది గాని ఇది జబ్బు కాదు, ఓర్చుకోలేనంత పని పడిన పెరిగే ఎముక.

ఒక పిల్లోడి సంగతి తీసుకుందాం. వయసు 11. ఒక ఏడాదిలోనే చొక్కాలన్నీ పొట్టివైపోయినాయి. మండలం పోటీలు వస్తాయని పీఈటీ సారు వారానికి రెండు రోజులుండే ప్రాక్టీసును ఆరు రోజులు చేసినాడు. మైదానం ఎండకు రాయి మాదిరి ఉండాది, కాళ్లకు అడుగు అరిగిపోయిన బూట్లు. మూడో వారానికి రెండు గుదికాళ్లూ నొప్పి. దెబ్బ తగల్లేదు, వాపు లేదు, రాత్రి హాయిగా నిద్రపోతాడు. ఆదివారం ఆడకపోతే సోమవారానికి రవంత తగ్గుతాది.

ఇంట్లోనే చూడగలిగే గుర్తు ఒకటుండాది. గుదికాలును వెనకపక్క ఎడమ, కుడి నుంచి బొటనవేలితో, వేళ్లతో పట్టి మెల్లగా నొక్కండి. పిల్లోడు "అమ్మా" అని కాలు వెనక్కి లాక్కుంటే చానావరకు ఇదే. పెద్దోళ్లకు వచ్చే గుదికాలు నొప్పి వేరే. అది అరికాలి కింద, పొద్దున లేచి మొదటి అడుగేసినప్పుడు పొడుస్తాది.

ఎక్స్‌రే కాడ చానామంది బెదిరిపోతారు. ఆ చిన్న చిప్ప ఫొటోలో ఎక్కువ తెల్లగా, ఒక్కోసారి రెండు మూడు ముక్కలుగా అగుపడతాది. "ఎముక పగిలిపోయింది" అనేస్తారు. నొప్పి లేని పిల్లోడికి తీసినా అట్లనే అగుపడొచ్చు. ఎక్స్‌రేతో ఈ నొప్పిని తేల్చలేరు, వేరే జబ్బు లేదని చూసుకునేదానికే అది పనికొస్తాది. ఎముక విరగలేదు కాబట్టి పుత్తూరు కట్టుతో కూడా ఇక్కడ పనిలేదు. గట్టిగా కట్టి పడుకోబెడితే పిక్క ఇంకా బిగుసుకుంటాది.

మరి ఆ 11 ఏళ్లోడికి ఏం చేయాల? మొదటి రెండు వారాలు ఉరకడం, ఎగరడం ఆపాల. నడక మానొద్దు. సైకిలు తొక్కొచ్చు, ఈతొస్తే పెద్దోళ్లు పక్కనుండగా ఈదొచ్చు. బూట్లలో గుదికాలి కింద సుమారు ఒక సెంటీమీటరు మందం మెత్తటి ప్యాడ్, రెండు కాళ్లకూ పెట్టాల. గుదికాలు పైకి లేస్తే పిక్క తాడు లాగుడు తగ్గుతాది. ఆట అయినాక నొస్తే ఐసు ముక్కలు గుడ్డలో చుట్టి 10, 15 నిమిషాలు పెట్టొచ్చు. నొప్పి మాత్రలు పిల్లోడి బరువును బట్టి డాక్టరు చెప్పాల, మెడికల్ షాపులో పెద్దోళ్లవి తెచ్చి సగం విరిచి ఇవ్వొద్దు. గుదికాల్లోకి స్టెరాయిడ్ సూది అసలు వద్దు.

నడిచేటప్పుడు నొప్పి పోయినాక పిక్క సాగదీయాల. గోడకు చేతులానించి, నొచ్చే కాలు వెనక పెట్టి, గుదికాలు నేలకు ఆనించి ముందుకు వంగాల. ఒక తూరి మోకాలు నిటారుగా, ఇంకో తూరి రవంత వంచి. ఒక్కోటి 20 నుంచి 30 లెక్కపెట్టే దాకా, మూడేసి తూర్లు, పొద్దునా సందేళా. సాగినట్టు తెలియాల గాని నొప్పి పుట్టకూడదు.

ఆ తర్వాత రోజు మార్చి రోజు సగం ప్రాక్టీసు. మరుసటి పొద్దున పిల్లోడు ఎట్ల నడస్తాడో చూడండి. కుంటితే ముందురోజు ఆట ఎక్కువైనట్టే, ఒక మెట్టు కిందికి దిగాల. కుంటకపోతే వారానికి కొంచెం పెంచుకోవచ్చు. కొందరికి మూడు నాలుగు వారాల్లో తగ్గుతాది, కొందరికి రెండు మూడు నెలలు పడతాది. ఎముక అతుక్కునే దాకా మళ్లీ మళ్లీ రావొచ్చు కూడా. కాలు పొట్టిదైపోతాదేమో అని భయపడొద్దు, కాలి పొడుగుకూ ఈ చిప్పకూ సంబంధం లేదు. పీఈటీ సారుతో మాట్లాడే పని ఇంట్లో అన్నో అక్కో చేస్తే మేలు. 11 ఏళ్లోడు జట్టులో నుంచి తీసేస్తారని నోరెత్తడు.

గుదికాలు నొప్పి అంతా ఇదే అనుకుంటే మాత్రం మోసపోతారు. రాత్రి నిద్రలేపే నొప్పి, జ్వరం, ఎర్రగా వేడిగా వాపు ఉంటే ఆగొద్దు. ఎత్తు నుంచి దూకినాక ఒక కాలి మీద నిలబడలేకపోతే ఎముక విరిగి ఉండొచ్చు. మన పల్లెల్లో ఇంకోటి కూడా చూడాల, ముల్లు. వట్టికాళ్లతో తుమ్మముల్లు దిగి, కొన లోపలే విరిగిపోయి, పైన మానిపోయినట్టుండి లోపల ఎముకకు చీము పట్టొచ్చు. పొద్దున లేవగానే చానాసేపు కీళ్లు పట్టేసినట్టుంటే కీళ్లవాతం ఉందేమో చూడాల. ఇట్లాంటి వాటికి తిరుపతి రుయా ఆస్పత్రికో, ఎముకల కోసమే ఉన్న బర్డ్ ఆస్పత్రికో తీసకపోవాల. చీము పట్టిందేమో అని అనుమానముంటే ఆ రోజే బయల్దేరండి.