‘వరకు’ అంటే ఎంతవరకు?

ఒక చిన్న పాలకేంద్రానికి బిల్లుల ప్రోగ్రాం రాసిచ్చాను. రైతు రోజూ ఎన్ని లీటర్లు పోశాడు, ఆ రోజు వెన్న శాతాన్ని బట్టి లీటరు ధరెంత, ఈ రెండూ గుణించి 15 రోజులకు కలపాలి. అంతే పని. మొదటి బిల్లులు చేతికందగానే కేంద్రం నడిపే ఆయన ఫోన్ చేశారు.

“మా పుస్తకంలో లెక్కకీ మీ లెక్కకీ పొంతన కుదరడం లేదండీ. అందరికీ తక్కువే వస్తోంది.”

ఒకరికి 187 రూపాయలు తగ్గింది, మరొకరికి 212, ఇంకొకరికి 96. అందరికీ ఒకే మొత్తం తగ్గి ఉంటే వేరే సంగతి. తలా ఒక రకంగా తగ్గేసరికి వెన్న శాతం ధరల పట్టికలోనే తప్పుందని తీర్మానించుకున్నాను. మూడు గంటలు ఆ పట్టికనే తిరగేశాను. చివరికి పైసల సవరణ దగ్గర ఒక అంకె మార్చి చూడటం, కుదరకపోతే ఇంకోటి మార్చడం మొదలైంది. ఎందుకు మారుస్తున్నామో చెప్పలేకుండా మారుస్తున్నామంటే, కుర్చీలోంచి లేవాల్సిన సమయం వచ్చిందని అర్థం. ఫోను ఇంట్లోనే వదిలేసి వీధి చివర దాకా నడిచి, టీ తాగి వచ్చాను.

విరామంలో జవాబు దానంతటదే తట్టాలని ఏమీ లేదు, నాకూ తట్టలేదు. ఊడిపోయింది మాత్రం పట్టుదల. ఒకే పొడవాటి పద్ధతిలో వరసగా కొన్ని లెక్కలు చేసినవాళ్లు, తర్వాతి లెక్కకు సులువైన దారి కళ్లెదుటే ఉన్నా ఆ పాత పద్ధతినే పట్టుకు వేలాడతారని అబ్రహాం లూచిన్స్ 1942లోనే ప్రయోగాలతో చూపించాడు. నా పాత పద్ధతి ధరల పట్టిక. తిరిగొచ్చి కూర్చున్నాక గానీ తెలియలేదు, ఇంతసేపూ మిగతా కోడ్‌ను ఒక్కసారి కూడా చదవలేదని.

అప్పుడు మా పాప స్నానాల తొట్టిలో ఆడుకునే రబ్బరు బాతును తెచ్చి బల్లమీద పెట్టుకున్నాను. ఇది నేను కనిపెట్టింది కాదు. ఆండ్రూ హంట్, డేవిడ్ థామస్ 1999లో రాసిన ‘ది ప్రాగ్మాటిక్ ప్రోగ్రామర్’ పుస్తకం వల్ల ప్రోగ్రామర్లలో బాగా వ్యాపించిన అలవాటు. అదే ఏడాది కెర్నిగన్, పైక్ రాసిన మరో పుస్తకంలో బాతుకు బదులు ఎలుగుబంటి బొమ్మ ఉంటుంది. ఒక విశ్వవిద్యాలయంలో విద్యార్థులు తమ చిక్కును ముందు ఆ బొమ్మకు వివరించాకే మనిషి దగ్గరికి వెళ్లాలట.

బాతుకు నేను చూపించిన ముక్క ఇది:

```python
total = 0
for day in range(1, 15):
    total += litres[day] * rate[day]
```

“ఒకటో తారీఖు నుంచి పదిహేనో తారీఖు వరకు ఒక్కో రోజు డబ్బూ కలుపుతున్నాను” అని చెప్పేశాను. ఏమీ దొరకలేదు. దొరకదు కూడా, ఎందుకంటే నేను చెప్పింది కోడ్ చేసే పని కాదు, అది చేయాలని నేను కోరుకున్న పని. చాలామంది బాతు పద్ధతి పనిచేయదని వదిలేసేది ఇక్కడే.

రెండోసారి 187 రూపాయలు తగ్గిన రైతు చీటీ ముందు పెట్టుకుని, అసలు అంకెలతో చెప్పాను. “తారీఖు 1, ఇంత పాలు, ఇంత ధర, కలిపాను. తారీఖు 2...” అలా 14 దాకా వచ్చాను. “తారీఖు 15...” అనబోతే నోరు ఆగింది. పైథాన్‌లో `range` చివరి అంకెను కలుపుకోదు, దాని ముందే ఆగిపోతుంది. తెలుగులో ‘పదిహేను వరకు’ అంటే పదిహేనూ కలిసినట్టే కదా! నా నోట్లోని ‘వరకు’ కోడ్‌లోని తప్పును మూడు గంటలు కప్పిపెట్టింది.

చీటీలో 15వ తారీఖు పాల విలువ చూస్తే సరిగ్గా 187. రెండో రైతుకు 212, మూడో రైతుకు 96. తలా ఒక రకంగా తగ్గడానికి కారణం ధరలు కావు. ఆ ఒక్కరోజు ఎవరు పోసిన పాలు వారివి.

`range` సంగతి నాకు ముందే తెలుసు కాబట్టి బాతు పనికొచ్చింది. 15 కూడా కలుస్తుందనే గట్టిగా నమ్మేవాడు ఎన్నిసార్లు చెప్పినా తప్పునే ధీమాగా చెబుతాడు. అలాంటప్పుడు మనం చెప్పడం ఆపి యంత్రాన్నే అడగాలి:

```python
print(list(range(1, 15)))
```

తెర మీద 14తో ఆగిన వరస కనిపిస్తే ఇక వాదన ఉండదు.

15ను 16గా మార్చి, రెండో పక్షం కోడ్ కూడా బాతుకు వినిపించాను. “16 నుంచి నెలాఖరు వరకు...” నెలాఖరంటే ఏ తారీఖు? అక్కడ `range(16, 30)` అని రాసుంది. 30 రోజుల నెలలో ఒకరోజు పాలు, 31 రోజుల నెలలో రెండు రోజుల పాలు లెక్కలోకి రావు. ఆ బిల్లులు ఇంకా బయటికి పోలేదు.