ఆఫర్‌కి ఒప్పుకుంటూ రాసే మెయిల్‌లో ఏముండాలి?

ఆఫర్ లెటర్ చేతికందిన ఆనందంలో చాలామంది ‘థాంక్యూ, ఒప్పుకుంటున్నాను’ అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటారు. చేరాక చిక్కు తెచ్చేది మాత్రం సర్టిఫికెట్ల తనిఖీ, అంటే బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్. దాని గురించి అడగడానికి ఈ మెయిలే సరైన చోటు.

వరంగల్ అమ్మాయి ఒకరికి హైదరాబాద్ కంపెనీలో జూనియర్ డెవలపర్ ఉద్యోగం వచ్చిందనుకుందాం. బీటెక్ పూర్తయింది, ప్రొవిజనల్ సర్టిఫికెట్ వచ్చింది, ఒరిజినల్ డిగ్రీ ఇంకా రాలేదు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంది. పాన్ కార్డులో ఇంటిపేరు బదులు ఒక్క పొడి అక్షరమే ఉంది. మన తెలుగువాళ్లలో ఇది మామూలే. కానీ తనిఖీ చేసే బయటి ఏజెన్సీ కాగితాలను పక్కపక్కన పెట్టి చూస్తుంది, తేడా కనిపిస్తే వివరణ అడుగుతుంది. అందుకే ఆ మాట మనమే ముందు చెప్పాలి.

ఆఫర్ వచ్చిన మెయిల్‌కే, గడువు తేదీలోపు, రిప్లై ఇవ్వాలి. రాసేది ఇంగ్లిష్‌లోనే అయినా, సారం ఇలా ఉంటే చాలు:

“జూనియర్ డెవలపర్ ఉద్యోగానికి మీరు పంపిన ఆఫర్‌ను అంగీకరిస్తున్నాను. సంతకం చేసిన కాపీ జత చేశాను. 2026 జులై 6, సోమవారం హైదరాబాద్ ఆఫీసులో చేరతాను. వెరిఫికేషన్ గురించి రెండు సందేహాలు. ఒరిజినల్ డిగ్రీ వచ్చేదాకా ప్రొవిజనల్ సర్టిఫికెట్, కన్సాలిడేటెడ్ మార్కుల మెమో సరిపోతాయా? పాన్‌లో నా ఇంటిపేరు పొడి అక్షరంగానే ఉంది. దానికి అఫిడవిట్ కావాలా, పాన్‌లోనే సవరించుకోవాలా? కాగితాలు ఎక్కడ, ఏ తేదీలోపు అప్‌లోడ్ చేయాలో తెలియజేయగలరు.”

తేదీతోపాటు వారం కూడా రాయడం మంచి అలవాటు. అంకె పొరపాటున మారితే అక్కడే తెలిసిపోతుంది. ‘ఏమేం కావాలి?’ అని మాత్రమే అడిగితే అందరికీ పంపే జాబితాయే వస్తుంది. మీ దగ్గర ఏది లేదో చెప్పి అడిగితేనే మీకు పనికొచ్చే జవాబు దొరుకుతుంది.

ఇంతకుముందు ఎక్కడైనా జీతం మీద పనిచేసి ఉంటే, నెల రోజులైనా సరే, దాచవద్దు. అక్కడ పీఎఫ్ కట్టి ఉంటే యూఏఎన్ రికార్డులో చేరిన తేదీ, మానేసిన తేదీ కనిపిస్తాయి. చాలా ఆఫర్ లెటర్లలో ‘వెరిఫికేషన్ పూర్తయ్యే షరతుపై’ అన్న మాట ఉంటుంది. తప్పుడు వివరం బయటపడితే చేరాక కూడా తీసేయవచ్చు. కాగితం లేకపోవడం కన్నా కల్పించిన అనుభవం ఎన్నో రెట్లు ప్రమాదం.

ఈ మొదటి మెయిల్‌కే ఆధార్, పాన్ జత చేయవద్దు. కంపెనీ పోర్టల్ లింకు ఇచ్చాక అక్కడే పెట్టండి. ఆధార్‌లో చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ కాపీ చాలుతుందేమో అడగండి. వెరిఫికేషన్ ఫీజు అనో డిపాజిట్ అనో డబ్బు కట్టమంటే అక్కడే ఆగి, కంపెనీ వెబ్‌సైట్‌లో ఉన్న నంబరుకు ఫోన్ చేసి కనుక్కోండి.

రెండు పనిదినాల్లో జవాబు రాకపోతే కొత్త మెయిల్ మొదలుపెట్టకుండా, అదే మెయిల్ కింద మరోసారి గుర్తు చేయండి.