సబ్సిడీ సొమ్ము ఏ ఏడాది లాభం?

గుంటూరు వైపు ఒక రైతు ఉత్పత్తిదారుల కంపెనీ 20 లక్షల రూపాయలు పెట్టి కారం మిల్లు యంత్రాలు కొన్నదనుకుందాం. చిన్న ఆహారశుద్ధి యూనిట్ల కోసం కేంద్రం 2020లో తెచ్చిన పీఎంఎఫ్‌ఎంఈ పథకం కింద 35 శాతం, అంటే 7 లక్షల సబ్సిడీ వచ్చింది. తరుగుదలతో సహా ఖర్చులన్నీ పోగా ఆ ఏడాది మిల్లు మిగిల్చింది లక్ష. సబ్సిడీ మొత్తాన్నీ ‘ఇతర ఆదాయం’ కింద రాసేసరికి లాభం 8 లక్షలైంది. ఇక సర్వసభ్య సమావేశంలో డివిడెండు ఎంతిస్తారని అడగకుండా ఉంటారా? మరుసటి ఏడాది మిల్లు అంతే ఆడినా లాభం లక్షకు దిగిపోతుంది. సంజాయిషీ చెప్పుకోలేక మేనేజరు తల పట్టుకుంటాడు.

మన దేశంలో ఇలాంటి కంపెనీలు పాటించాల్సిన అకౌంటింగ్ స్టాండర్డ్ 12 దీనికి ఒప్పుకోదు. యంత్రం కొనడానికిచ్చిన గ్రాంటు, ఆ యంత్రం పనిచేసినంత కాలానికీ చెందుతుంది. యంత్రం పదేళ్లు నడుస్తుందని లెక్కవేస్తే ఏటా 2 లక్షలు తరుగుదల పడుతుంది. సబ్సిడీని ముందు ‘డిఫర్డ్ గ్రాంటు’ పేరుతో బ్యాలెన్స్ షీటులో ఉంచి, అందులోంచి ఏటా 70 వేలు ఆదాయంలోకి తెస్తారు. అప్పుడు లాభం ఏటా లక్షా 70 వేలు. యంత్రం విలువలోంచే సబ్సిడీ తీసేసి, 13 లక్షల మీద తరుగుదల కట్టే పద్ధతినీ స్టాండర్డ్ అనుమతిస్తుంది. ఏటా వచ్చే లాభం రెంటిలోనూ ఒకటే. అయితే సబ్సిడీ ఎంతొచ్చిందో సభ్యులకు కళ్లకు కట్టేది మొదటి పద్ధతే.

డబ్బు చేతికందినంత మాత్రాన షరతులు నెరవేరినట్టు కాదని కూడా ఈ స్టాండర్డ్ హెచ్చరిస్తుంది. ఈ పథకంలో సబ్సిడీ బ్యాంకులో రుణగ్రహీత పేరనే విడిగా ఉంటుంది. మూడేళ్ల తర్వాత కూడా యూనిట్ నడుస్తూ, అప్పు మొండిబకాయి కాకుండా ఉంటేనే దాన్ని రుణానికి జమ కడతారు.

మూడో ఏడాది చివర మిల్లు మూతపడి, సబ్సిడీ వెనక్కి పోయిందనుకోండి. అప్పటికి 2 లక్షల 10 వేలు ఆదాయంగా చూపించారు, 4 లక్షల 90 వేలు డిఫర్డ్ ఖాతాలో మిగిలాయి. పోయిన 7 లక్షల్లో ముందు ఆ మిగులును సర్దుతారు. తక్కిన 2 లక్షల 10 వేలే ఆ ఏడాది లాభనష్టాల ఖాతాకు ఖర్చుగా పడుతుంది. మొదటి ఏడాదే అంతా లాభంగా రాసి పంచేసుకుని ఉంటే, 7 లక్షల దెబ్బా ఒక్కసారిగా తగిలేది.

పన్ను లెక్క వేరు. అక్కడ యంత్రం ఖరీదులోంచి సబ్సిడీని తీసేసి, 13 లక్షల మీదే తరుగుదల ఇస్తారు. అందుకే పుస్తకాల్లో ఏటా కలిసే 70 వేలను పన్ను లెక్కలో మినహాయించాలి. ఇది మరిచిపోతే అదే సొమ్ముకు రెండుసార్లు పన్ను కట్టినట్టవుతుంది.

లెక్క సరిగ్గా రాశారో లేదో సభ్యులే చూసుకోవచ్చు. కంపెనీ మొదటి పద్ధతి ఎంచుకుని ఉంటే, బ్యాలెన్స్ షీటులో డిఫర్డ్ గ్రాంటు వరుస నిరుటికంటే ఈ ఏడు సరిగ్గా 70 వేలు తగ్గి ఉండాలి.